సంబంధం లేని చేతులు

మా ఇంట్లో ఏ సంగతీ తిన్నగా చెప్పరు. పాలు విరిగిపోయాయని చెప్పడానిక్కూడా మావాడు, "అమ్మా, ఇవాళ వంటింట్లో ఏం జరిగిందో చెబితే నువ్వు నమ్మవు" అని మొదలుపెడతాడు. పోనీ పిల్లాడి తప్పా అంటే కాదు, చేసే పని అలాంటిది. ఫోన్లో కథలు చెప్పే చానల్ ఒకటి నడుపుతున్నారు మొగుడూ పెళ్ళాలిద్దరూ. రాసేది వాడు, గొంతు మా కోడలిది. తెర మీద కనిపించేవి మాత్రం నా చేతులు, సబ్బులు కోస్తూ.

కథకీ సబ్బుకీ ఏం సంబంధంరా అని మొదట్లో అడిగాను. ఉండకూడదట. కంటికి ఓ పని అప్పజెబితే చెవి కుదురుగా కూర్చుంటుందట. సరే, మనదేం పోయింది. ఎండిన సబ్బు బిళ్ళ మీద చాకుతో నిలువు గాట్లు, అడ్డగాట్లు పెట్టి, పైపొరని పక్కనుంచి చెక్కుతాను. బుల్లి బుల్లి ముక్కలు జలజలా రాలుతాయి. ఫోన్ నా నెత్తిమీద స్టాండుకి బిగించి ఉంటుంది. మొహం పడదు కాబట్టి మాసిన బట్టలైనా పరవాలేదు. అలా తీసినవన్నీ దాచుకుని, ఏ కథకి ఏది చేతికందితే అది అతికిస్తాడు మావాడు.

కోడలేమో బట్టల అలమరలో తల దూర్చి చదువుతుంది, చుట్టూ బట్టలుంటే గొంతు మోగదని. మామూలుగా గలగలా వాగే పిల్ల. అక్కడ నిలబడితే చాలు, "ఆ రోజు తలుపు తీశాను..." అని ఆగుతుంది. కిటుకంతా ఆ ఆగడంలోనే ఉందట. మధ్యలో పీల్చిన ఊపిర్లన్నీ మావాడు కత్తిరించి పారేస్తాడు గానీ, గుట్టు విప్పేముందు ఆగిన ఆ కాసేపటిని మాత్రం ముట్టుకోడు. ఒక ప్రశ్నకి జవాబు చెప్పేలోపే ఇంకోటి లేవదీయాలి. అసలు సంగతి ఆఖర్న. ముందే చెప్పేస్తే జనం బొటనవేలితో పైకి తోసేసి పోతారు. ఎక్కడ ఎంతమంది పోయారో చూపించే గీత ఒకటుంటుంది, అది జారిన చోటల్లా మావాడి మొహమూ జారుతుంది.

ఇంతవరకూ నాకే పేచీ లేదు, ఊరికే కూర్చుని గోళ్ళు గిల్లుకునే కంటే నయమే. తాళం కథతో వచ్చింది తంటా.

"మా అత్తగారు వంటింటికి రోజూ తాళం ఎందుకు వేసేదో తెలిసిన క్షణమే నేను ఆ ఇంటి గడప దాటాను." ఇదీ మొదటి వాక్యం. ఇక చూస్కో, కోడలు కడుపు మాడ్చుకుని పడుకోవడాలు, తాళంచెవి అత్తగారు బొడ్లో దోపుకోవడాలు, దొంగచాటుగా మంచినీళ్ళు తాగడాలు. ఆఖర్న తేలేదేమిటంటే, ఆ ముసలావిడకి మతిమరుపు పట్టుకుంది. స్టవ్ వెలిగించి మర్చిపోతోంది. ఇల్లు తగలబెడతానేమోనని తనంటే తనకే భయం, పైకి చెప్పుకోడానికి సిగ్గు. కోడలు గడప దాటిన మాట నిజమే గానీ, అత్త చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి. వింటే కళ్ళమ్మట నీళ్ళు తిరుగుతాయి, కాదనను. విన్నవాళ్ళకి.

మా వియ్యపురాలు వినలేదు. కథలో కోడలు ఏడుస్తూ పడుకునే దగ్గరే ఫోన్ విసిరికొట్టిందట. విసరదూ మరి? గొంతు చూస్తే కన్నకూతురిది. కథంతా "నేను, మా అత్త" అని. ఇక చేతులంటారా, తలుపు సందులో పడి నలిగి వంకరపోయిన నా చిటికెన వేలు ఆవిడకి తెలీదా? పెళ్ళిచూపుల్నాడే చూసి అయ్యో అంది.

పొద్దున లేస్తే నాకు ఫోన్ చేసే మనిషి చేయడం మానేసింది. నేను చేస్తే తీయదు. ఆనక కూతురికి కబురు, నేను వస్తున్నా, బట్టలు సర్దుకో అని.

అప్పటిగ్గానీ మాకు విషయం వెలగలేదు. మిగతా కథలకంటే సరే, అత్త కథకి కూడా అత్త చేతులే దొరికాయట్రా నీకు అని మావాణ్ణి కడిగేశాను. వాడు నిజంగానే తెల్లబోయాడు. "దానికీ దీనికీ సంబంధం లేదు కదమ్మా, అది వెనకాల బొమ్మ" అన్నాడు. చదువుకున్న వెర్రి అంటే ఇదే. సంబంధం లేదన్నది వీళ్ళ పనిలో సూత్రం, చూసేవాళ్ళకి ఆ సూత్రం ఎవరు చెప్పారు? ఆఖరి ముక్క తీసుకొచ్చి మొదట్లో పెట్టమన్నాను. అలా చేస్తే ఎవరూ చూడరట. చూడకపోతే నా పరువు దక్కుతుందిరా అంటే, ఆ గీత తీసి చూపిస్తాడు.

కోడలు వాళ్ళమ్మకి ఫోన్ చేసి, అది ఉత్త కథ, ఆఖరిదాకా చూడమని బతిమాలింది. పక్కన మీ అత్త ఉందా, ఉంటే అవునను చాలు అందట ఆవిడ. నేను పక్కనే ఉన్నాను. పిచ్చిమొహంది అవునంది.

పరువు సంగతి ఎలా ఉన్నా, నాకు అసలు భయం వేరే. మా కోడలంటే నాకు ఇష్టం. నోటితో ఎప్పుడూ చెప్పి చావలేదు గానీ, ఇష్టం. వియ్యపురాలు తప్ప నాకు మనసు విప్పి మాట్లాడే మనిషి లేదు. ఈ దెబ్బతో ఇద్దరూ ఒకేసారి గుమ్మం దిగిపోతారేమోనని.

అన్నట్టే వచ్చింది వియ్యపురాలు. మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదు. నా మొహం చూడకుండా చిటికెన వేలు వైపు చూసింది. మావాడు ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఫోన్ తనే పట్టుకుని కథంతా చూపించాడు. మధ్యలో రెండుసార్లు లేవబోతే కోడలు భుజం పట్టుకు కూర్చోబెట్టింది. తీరా ఆఖరికొచ్చేసరికి ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పాపం పిచ్చితల్లి, ఎంత నలిగిపోయిందో అంది, కథలో అత్తని. హమ్మయ్య, ఇక నీళ్ళు తాగుతుంది అనుకున్నాను.

తాగలేదు. కూతురి వైపు తిరిగింది.

"ఆ అత్త మంచిదే, ఒప్పుకున్నాను. మరి మీ అత్త నిన్నెలా చూసుకుంటోంది? నా మీద ఒట్టు, నిజం చెప్పు."

"అమ్మా, నిజం చెప్పాలంటే..." అని ఆగింది మా కోడలు.

కావాలని కాదు. అలవాటు. అలమరలో తల దూర్చి దూర్చి నోటికి పట్టేసింది. మావాడైతే ముందుకు వంగాడు, తెలియని కథేదో వింటున్నట్టు. నేను మాత్రం తలుపుకి అతుక్కుపోయాను. ఆ కాసేపట్లో, పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ పిల్లని నేనన్న ప్రతి మాటా నా చెవిలో మోగింది.

వియ్యపురాలు లేచి నిలబడింది. అర్థమైంది, సంచి ఎక్కడుందో చెప్పు అంది. ఎంతైనా ఆవిడ ఆఖరిదాకా ఆగే మనిషి కాదు.

"అయ్యో కాదమ్మా, కూర్చో" అని పిల్ల అడ్డంపడిపోయింది. ఇక మాటలకి ఓ వరసా పాడూ లేదు. "బాగా చూసుకుంటుంది, తిడుతుంది కూడా, నేనూ అంటాను, పడుతుంది, మొన్న జ్వరమొస్తే నా మంచం పక్కనే పడుకుంది, నీకంటే బాగా చూస్తుందమ్మా, నేను రాను, నాకిక్కడే బాగుంది." ఒక్క ఊపిరిలో చెప్పేసింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

వియ్యపురాలు మళ్ళీ కూర్చుంది, కూలబడినట్టు.

"నాకంటేనా?" అంది.

మా కోడలు నాలుక కరుచుకుని నేల చూస్తోంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల నోటి నుంచి ఏ మాట వింటే చాలనుకున్నానో అదే విన్నాను, అదీ వాళ్ళమ్మ ఎదురుగా. సంతోషంతో ఎగరాల్సింది. వియ్యపురాలి మొహం చూశాక మనసొప్పలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఊరికే అంటోంది వదినా, నమ్మకు" అన్నాను. "నేను రాక్షసినే."