బస్సు ఫీజుకు ఐదో తారీఖు

స్కూలు కార్యదర్శి రాసిన రెండు బస్సుల బడ్జెట్ చూసేసరికి గుమాస్తా దేవదాస్‌కు ఒళ్లు మండింది. పిల్లల ఫీజులు డీజిలుకూ, డ్రైవర్ల జీతాలకూ, ఇన్సూరెన్సుకూ సరిపోయాయి. రిపేర్లకు ఎదురుగా మాత్రం 'ఆలస్యానికి జుర్మానా, నాలుగు వందలు' అని ఉంది.

"జుర్మానా ఎంతొస్తదో ముందే ఎట్ల తెలిసింది సార్?"

"ఐదో తారీఖు దాటితే తలా ఐదు రూపాయలు. ఎనభై మంది పిల్లలు. లెక్కగట్టిన."

దేవదాస్ కాగితాన్ని బల్లమీద విసిరికొట్టాడు. "పిల్లల బాపులందరు బొగ్గుబాయిల పనిజేసేటోళ్లు. ఆళ్లకు జీతమొచ్చేది పదో తారీఖుకు. ఐదుకు ఒక్కడన్న కడ్తడా?"

కార్యదర్శి నింపాదిగా కళ్లజోడు తుడుచుకున్నాడు.

"కట్టరనే గద, రిపేర్లు దానిమీద పెట్టిన."