హెట్టీ కొట్టు పాట

సిరిల్ థ్రెల్ఫాల్ తన జీవితంలో ఎన్నో పాటలు కట్టాడు. వాటిలో జనం నోట నిలిచింది ఒక్కటే, అది తొమ్మిది సెకన్ల పాట. దాన్ని టేపు మీదికి ఎక్కించింది నేను. అందుకని ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

అప్పట్లో నేను హెక్స్‌డెన్ ఊళ్ళోని లోకల్ రేడియోలో ప్రకటనలు రికార్డు చేసేదాన్ని. మూతపడిన నూలు మిల్లు పై అంతస్తులో మా స్టూడియో. కిటికీలోంచి చూస్తే కాలువ, దాని అవతల ప్రార్థనా మందిరం, దాని పక్క సందు మొదట్లో హెట్టీ క్లెగ్ మిఠాయి కొట్టు కనిపించేవి. సిరిల్ ఒకప్పుడు డాన్సు హాళ్ళలో పియానో వాయించేవాడు. ఆ హాళ్ళు మూతపడ్డాక వారానికి మూడు రోజులు మా దగ్గరికొచ్చి ప్రకటనలకి పాటలు కట్టేవాడు. అరవై దాటినవాడు, ఒంటరివాడు.

డెబ్బై ఎనిమిది సెప్టెంబరులో మా రేడియోకి ప్రకటనలు తెచ్చిపెట్టే ఫేర్‌హర్స్ట్, హెట్టీని వెంటబెట్టుకుని పైకి వచ్చాడు. బస్టాండు పక్కన కొత్తగా పెట్టిన సూపర్ మార్కెట్‌లో మిఠాయిలు సంచుల్లో కట్టి చవగ్గా అమ్మేస్తున్నారు. హెట్టీ మాత్రం ఇంకా కొట్టు వెనక రాగి బానలో పంచదార మరిగించి, పాకాన్ని కొక్కేనికేసి సాగదీసి, పిప్పరమెంటు బిళ్ళలు తనే చేసేది. అంతకు రెండు చలికాలాల ముందు ఆమె భర్త వాల్టర్ పొగమంచులో కాలువలో పడి చనిపోయాడు. ప్రమాదమేనని విచారణలో తేల్చారు. ఊరు మాత్రం ఇంకేదో అనుకుంది. ఆ సాయంత్రం వాళ్ళింట్లో అరుపులు వినిపించాయని పక్కింటావిడ పదిమందికీ చెప్పింది మరి.

"ఒక్కసారి వింటే చాలు, బస్సు దిగేలోగా నోట్లో ఆడాలి. అలాంటిది కావాలి సిరిల్," అన్నాడు ఫేర్‌హర్స్ట్.

"అందరూ అదే అడుగుతారు. అడగడానికేం!" అన్నాడు సిరిల్.

హెట్టీ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. "పాటలో వాల్టర్ పేరుండాలి. ‘వాల్టర్ క్లెగ్ మిఠాయిలు’ అని. బోర్డు మీద అదే ఉంది," అంది.

సిరిల్ ఆ పేరు రెండుసార్లు పాడి చూశాడు. "అమ్మా, క్లెగ్ అనేసరికి నోరు టక్కున మూసుకుపోతోంది. రాగం సాగడానికి చోటు లేదు. జనం మీ కొట్టునేమంటారు?"

"హెట్టీ కొట్టంటారు."

"అయితే పాటకి అదే పేరు."

ఆమె చేతిసంచీ తీసుకుని లేచింది. "సరే, మీ పని మీకు తెలుసు," అంది.

మొదటి పాట మూడేసి మాత్రల వాల్ట్‌జ్ నడకలో కట్టాడు. చాలా అందంగా ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి. కానీ సిరిల్ పరీక్ష వేరు. పొద్దున టీ బండి తోసుకొచ్చే బెరిల్‌కి పాట ఒక్కసారి వినిపించేవాడు. ఆమె తిరిగి కప్పులకోసం వచ్చినప్పుడు, "ఏదీ, పాడు," అనేవాడు.

"ఏం పాట?" అంది బెరిల్.

ఆ టేపు చెత్తబుట్టలో పడింది. రెండోదాన్ని బెరిల్ సగం తప్పుగా పాడింది. "రాగం మరీ పైకి పోతోంది నాయనా, నన్నేమైనా కోకిలననుకున్నావా?" అని విసుక్కుంది. ఆ మాట సిరిల్‌కి పనికొచ్చింది. ఎవరి గొంతుకైనా అందాలంటే పాట ఐదు స్వరాలు దాటకూడదు. అక్షరానికి ఒకే స్వరం, సాగదీతలు వద్దు. పేరు మొదట్లోనే రావాలి, వెంటనే మళ్ళీ రావాలి. చివర రాగం తన ఇంటికి, అంటే ‘స’కి, చేరకూడదు. చేరితే మనసు ఊరుకుంటుంది, చేరకపోతే మళ్ళీ మొదలుపెడుతుంది.

మూడో రోజు పియానో మీద రెండు స్వరాలే వాయిస్తూ కూచున్నాడు. ‘ప’ నుంచి ‘గ’కి. ‘ప’ నుంచి ‘గ’కి.

"ఇదెక్కడో విన్నాను," అన్నాను.

"వినకేం డోరీన్! వీధిలో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకునేది ఈ మెట్టులోనే. ఎవరూ నేర్పక్కర్లేదు. పుట్టుకతో వస్తుంది," అన్నాడు. ఆ నెలలో అతను నవ్వగా చూసింది ఆ రోజే.

సాయంత్రానికి పాట తయారు.

*హెట్టీ కొట్టు, హెట్టీ కొట్టు,*
*తియ్యటి బిళ్ళ నోట పెట్టు!*

ఇద్దరు అమ్మాయిల చేత పాడించాం. వెనక పియానో, పైన చిన్న గంటల మోత. ముప్ఫై సెకన్ల ప్రకటనలో మొదట పాట, మధ్యలో కొట్టు ఎక్కడుందో చెప్పే మాటలు, చివర మళ్ళీ పాట. ఊపిరి చప్పుళ్ళు వినపడకుండా టేపుని బ్లేడుతో కోసి అతికించాను. మర్నాడు బెరిల్‌ని పాడమని అడగనక్కర్లేకపోయింది. బండి తోసుకుంటూ వసారా పొడుగునా తనే పాడుకుంటూ పోయింది. ఫేర్‌హర్స్ట్ సిరిల్ వీపు తట్టాడు.

అక్టోబరు మొదటి వారం నుంచి రోజుకి పదిసార్లు వేశాం. రెండు వారాలు తిరిగేసరికి శనివారాల్లో హెట్టీ కొట్టు ముందు జనం వరస కట్టారు. హెట్టీ మాకో డబ్బా నిండా నల్లపాకం టాఫీ పంపింది. పైన చీటీ మీద, "పోస్టుమాన్ కూడా పాడుతున్నాడు," అని రాసింది.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం బిళ్ళలు కొందామని నేనే వెళ్ళాను. సన్నగా తుంపర. ప్రార్థనా మందిరం గోడవారన ముగ్గురు ఆడపిల్లలు తాడాట ఆడుతున్నారు. మా పాటే. ముచ్చటేసి నిలబడ్డాను. అప్పుడు మాటలు చెవినపడ్డాయి.

*హెట్టీ కొట్టు, హెట్టీ కొట్టు,*
*మొగుణ్ణి కాలవలోకి నెట్టు!*

‘నెట్టు’ అన్నప్పుడల్లా తాడు నేలకి చెళ్ళుమని తగిలేది.

"ఏయ్! ఎవరు నేర్పారే మీకిది?" అని అరిచాను.

"ఎవరూ నేర్పలేదండీ, బళ్ళో అందరూ పాడతారు," అంది పెద్దపిల్ల. దాని మొహంలో తప్పు చేశానన్న భావమే లేదు.

కొట్టులో హెట్టీ త్రాసు ముందు నిలబడి ఉంది. కొట్టు తలుపు వేసినా పాట లోపలికి వినబడుతూనే ఉంది. నా మొహం చూసి ఆమెకి అర్థమైంది.

"మూడు వారాలైంది, తల్లీ," అంది. "మొదట్లో నా పాటే అనుకుని చప్పట్లు కొట్టాను కూడా. చెవులు మందగించాయి కదా."

సోమవారం సిరిల్‌కి చెప్పాను. అతను పియానో మూత వేసి దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"ఆ మెట్టులో పిల్లలు పిలుచుకోవడమే కాదు డోరీన్, ఏడిపించుకునేదీ దాంట్లోనే," అన్నాడు. "నాకది తెలుసు. నన్నూ చిన్నప్పుడు ఆ మెట్టులోనే ఏడిపించారు. బెరిల్ నోటికి వస్తే చాలనుకున్నాను. ఇంకెవరి నోటికి వస్తుందో ఆలోచించలేదు."

ప్రకటన ఆపెయ్యమని ఫేర్‌హర్స్ట్‌ని అడిగాం. "జనం పాడుతున్నారంటే పని చేస్తున్నట్టేగా? ఆపమంటారేమిటి!" అన్నాడు. ఆ మాటలేమిటో చెప్పాక అతనూ తలదించుకుని ఆపేశాడు. దాంతో పని మరీ చెడింది. అసలు మాటలు వినిపించడం మానేశాయి, ఊళ్ళో ఇక మిగిలింది పిల్లల మాటలే. హెడ్‌మిస్ట్రెస్ బడి ప్రార్థనలో నిలబడి ఆ పాట పాడకూడదని చెప్పింది. అప్పటిదాకా తెలియని చిన్న తరగతుల పిల్లలకీ ఆ పూటే తెలిసింది.

సిరిల్ ఆ రాగాన్ని మరిపించే రాగం కడతానని బయల్దేరాడు. పది రోజులు తంటాలుపడ్డాడు. ఒకటి బాగానే కుదిరింది కూడా. బెరిల్‌కి వినిపించాం. కప్పులకోసం తిరిగొచ్చినప్పుడు అడిగితే ఆమె నోరు తెరిచి మొదలుపెట్టింది, రెండో మాటకే పాతదాంట్లోకి జారిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయ్యో, క్షమించు సిరిల్," అంది.

ఇద్దరం హెట్టీ దగ్గరికి వెళ్ళాం. కొట్టు వెనక బాన చల్లగా ఉంది. వారం నుంచి పాకం పట్టలేదట. సిరిల్ టోపీ చేత్తో పట్టుకుని, "తప్పు నాది, మిసెస్ క్లెగ్. అంత తేలికైన పాట కట్టకుండా ఉండాల్సింది," అన్నాడు.

"నేను అడిగిందే చేశారు. మీ తప్పేముంది," అంది. అందరికీ టీ పోసింది. తర్వాత కప్పులోకి చూస్తూ చెప్పింది.

"ఆ సాయంత్రం బానలో పాకం మాడిపోయింది. ఆయన చూసుకోలేదు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అవతలికి పో, నా కళ్ళముందు ఉండకు అన్నాను. కోటు కూడా వేసుకోకుండా వెళ్ళాడు." కప్పు కింద పెట్టింది. "పిల్లలు పాడేది పచ్చి అబద్ధమైతే నవ్వి ఊరుకునేదాన్ని, మిస్టర్ థ్రెల్ఫాల్. రాత్రి పడుకున్నాక పైకి లేచేది వాళ్ళ గొంతు కాదు, నాదే. నేనే పాడుతుంటాను లోపల."

"ప్రమాదమని విచారణలోనే చెప్పారుగా," అన్నాను నేను. ఎంత పనికిమాలిన మాటో అంటుండగానే తెలిసింది. ఆమె నా చెయ్యి నిమిరింది. ఓదార్చడానికి వెళ్ళి ఆమె దగ్గరే ఓదార్పు పొంది వచ్చాం.

క్రిస్‌మస్‌కి ముందు, ఏడాదిలో బేరం బాగా సాగే వారంలో, హెట్టీ కొట్టు మూసేసింది. సముద్రం ఒడ్డున మోర్‌కమ్‌ ఊళ్ళో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. సీసాల్లో మిగిలిన బిళ్ళలన్నీ బడికే ఇచ్చి వెళ్ళిందట. ఎందుకిచ్చిందో ఎవరికీ చెప్పలేదు. నేనొక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, నేనూ మళ్ళీ రాయలేదు.

జనవరిలో ఫేర్‌హర్స్ట్ ఒక తివాచీల కొట్టాయన్ని పైకి తీసుకొచ్చాడు. ఆయన కుర్చీలో కూచోకముందే, "ఆ మిఠాయి కొట్టుది లేదూ, అలాంటిది నాకూ కావాలి," అన్నాడు. సిరిల్ సరేనన్నాడు. వారం తిరక్కుండా పాట తెచ్చాడు. ఎగుడుదిగుడు లేని రాగం, ఎక్కడా పట్టు దొరకదు, ఆఖరి స్వరం బుద్ధిగా ఇంటికి చేరి కూచుంటుంది. బెరిల్‌కి వినిపించనేలేదు.

రికార్డింగు గదిలో మేమిద్దరమే ఉన్నాం. "సిరిల్, ఇది కావాలనే ఇలా కట్టావు కదూ," అన్నాను.

"టేపు తిప్పు డోరీన్," అన్నాడు.

తిప్పాను. ఆ ప్రకటన ఆరు నెలలు నడిచింది. ఎవరూ పాడలేదు. వేసవిలో సిరిల్ ఉద్యోగం మానేశాడు.