కాలరు ఎముక దాటిన నీడ

గురువారం పొద్దున తొమ్మిది గంటలకి పద్మకుమారికి క్షయ వచ్చింది. తొమ్మిదీ పదికల్లా ఆ సంగతి మందుల షాపు ముందు నిలబడ్డ నలుగురికీ తెలిసిపోయింది.

అంతకు ముందు రోజు ఆ అమ్మాయి శ్రీకాకుళంలో ఛాతీ ఎక్సరే తీయించుకుంది. విశాఖలో నర్సు ట్రైనింగుకి సీటు వచ్చింది. కళింగపట్నం వైపు ఊళ్ళోంచి అంతదూరం చదువుకి వెళ్ళబోతున్న మొదటి ఆడపిల్ల. శనివారం సాయంత్రంలోగా ఆరోగ్య పత్రం అందకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతి పిల్లకి వెళ్ళిపోతుంది. ఆ పత్రానికి ఎక్సరే రిపోర్టు తప్పనిసరి.

రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. పిల్ల తండ్రి జగన్నాధం వరి పండించే రైతు. ఇంగ్లీషు రాదు. అందుకని శ్రీకాకుళంలో డాక్టరుకి చూపించడానికి బస్సు ఎక్కేముందే బావమరిది గణపతిరావు షాపు దగ్గర ఆగాడు. గణపతిరావు ఇరవై ఏళ్ళు కాంపౌండరుగా చేసి, ఇప్పుడు సొంతంగా మందులు అమ్ముతున్నాడు. డాక్టర్ల చేతిరాత చదవగలడని చుట్టుపక్కల పేరు.

గణపతిరావు కాగితం మొత్తం చదవలేదు. అడుగున ఇంప్రెషన్, అంటే డాక్టరు అభిప్రాయం, అన్న మాట ఎక్కడుందో వెతికి, దాని కింద మొదటి వరుస మీద వేలు పెట్టాడు.

"కాక్స్ అన్నాడు బావా. అంటే టీబీ. పేషెంట్లు బెదిరిపోతారని డాక్టర్లు అలా రాస్తారు. కుడి ఊపిరితిత్తిలో పైన ఉన్నాది."

జగన్నాధం తువ్వాలు భుజం మీంచి తీసి మళ్ళీ అక్కడే వేసుకున్నాడు.

"ఇయ్యాలే సూదిమందు మొదలెట్టీద్దాం. తొంభై సూదులు. ట్రైనింగు సంగతి మర్చిపోండి," అన్నాడు గణపతిరావు.

"మావా, అక్కడ ప్రశ్న గుర్తు ఉంది," అంది పద్మకుమారి.

"ఏటే?"

"కాక్స్ అన్న మాట పక్కన. దాని కింద ఇంకా నాలుగు వరసలున్నాయి. అయ్యి సదవలేదు నువ్వు."

"ఆ నాలుగూ మర్యాదకి రాస్తారే పిల్లా. ఇరవై ఏళ్ళుగా సూస్తన్నాను. అసలు మాట మొదటి వరసలోనే ఉంటాది."

పద్మకుమారి చెయ్యి చాచింది. గణపతిరావు కాగితం ఇవ్వడానికి కొంచెం ఆలోచించాడు. ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇచ్చాడు.

"నాన్నా, శ్రీకాకుళం బస్సెక్కుదాం. సూది తర్వాత వేయించుకుంటాను. ముందు దీన్ని ఆకరు వరస దాకా సదివినోళ్ళని సూద్దాం."

* * *

శ్రీకాకుళంలో ఆరోగ్య పత్రం మీద సంతకం పెట్టాల్సింది డాక్టర్ ప్రసూనాంబ. యాభై దాటిన మనిషి. గట్టిగా మాట్లాడదు, తొందరగా కూడా మాట్లాడదు. జగన్నాధం ఆవిడ ముందు నిలబడి చెప్పదలుచుకున్నదంతా ఒక్క మాటలో చెప్పేశాడు.

"టీబీ అంట, డాక్టరమ్మా."

"ఎవరన్నారు?"

"మా బావమరిది."

"ఆయన ఎక్సరే తీశారా?"

జగన్నాధం తల అడ్డంగా ఊపాడు. ప్రసూనాంబ కాగితం తీసుకుంది. చదివింది. తర్వాత తన పక్కన ఉన్న స్టూలు చూపించి పద్మకుమారిని కూర్చోమంది. కాగితం ఇద్దరికీ మధ్యన పెట్టింది.

"నర్సు అవుతానంటున్నావుగా. చదువు. నాకు వినిపించేలా."

పద్మకుమారి ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివింది. ఎక్కడ ఆగితే అక్కడ డాక్టరమ్మ తెలుగులో అందించింది. అంతా కలిపితే ఇలా ఉంది: కుడి ఊపిరితిత్తి పై భాగంలో హద్దులు స్పష్టంగా లేని మసక. కాక్స్? నీడ కాలరు ఎముక దాటి, ఊపిరితిత్తి హద్దు పైకి కూడా సాగినట్టుంది. పైన పడిన బయటి వస్తువు నీడ అయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేము. జబ్బు లక్షణాలతో పోల్చి చూడగలరు. మళ్ళీ ఫిల్మ్ తీయించడం మంచిది.

"ఇప్పుడు చెప్పు. ఇందులో నీకు టీబీ ఉందని ఎక్కడ రాశారు?"

"ఎక్కడా రాయలేదు. లేదని కూడా రాయలేదు."

ప్రసూనాంబ కళ్ళజోడు పైకి తోసి ఆ పిల్లని చూసింది.

"అదీ. మొదటి మాట కంటికి కనిపించింది. మసక ఉంది, అంతే. రెండోది రిపోర్టు రాసినాయన అనుమానం, అందుకే ప్రశ్న గుర్తు. మూడోది ఆ అనుమానానికి అడ్డొస్తున్న సంగతి. అది అన్నిటికంటే ముఖ్యం. తోసిపుచ్చలేము అంటే అదే నిజమని కాదు, కాదని తేలేదాకా పక్కన పడెయ్యకండి అని. మిగతా రెండూ నాకు చెప్పిన పని. పోల్చి చూడు, మళ్ళీ తీయించు."

"మరి తేల్చి సెప్పొచ్చు గదమ్మా," అన్నాడు జగన్నాధం. "అంత పెద్ద డాక్టరుగారు. మాలాంటోళ్ళం ఎటూ అర్థం కాక సస్తన్నాం."

"ఆయన మీ అమ్మాయిని చూడలేదయ్యా. ఆయన ముందుకి ఫిల్మ్ ఒక్కటే వస్తుంది, మనిషి రాదు. చూడని మనిషి మీద తీర్పు రాస్తే రేపు నేను దాన్ని నమ్మి సంతకం పెడతాను."

అప్పుడు ఆవిడ తన పని మొదలుపెట్టింది. దగ్గు ఉందా, సాయంత్రం జ్వరం వస్తోందా, రాత్రి చెమటలు పడుతున్నాయా, బరువు తగ్గావా, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అని అడిగింది. అన్నిటికీ లేదనే జవాబు. స్టెతస్కోపు వీపు మీద, కాలరు ఎముక కింద, చంకల దగ్గర పెట్టి చాలాసేపు విన్నది. తేడా ఏమీ వినిపించలేదు.

"టీబీ లేనట్టేగా," అన్నాడు జగన్నాధం.

"తొందరపడకు. దగ్గు లేకుండా కూడా టీబీ ఉండొచ్చు. ఫిల్మ్ తెచ్చారా?"

గోధుమరంగు కవరులోంచి ఫిల్మ్ తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టింది. పద్మకుమారి లేచి పక్కకి వచ్చింది. నల్లటి ఊపిరితిత్తులు, తెల్లటి పక్కటెముకలు. కుడివైపు పైన మబ్బు తునకలాంటి తెల్లటి మసక. డాక్టరమ్మ వేలితో దాని అంచు వెంట గీసింది.

"చూడు, ఊపిరితిత్తి ఇక్కడికి అయిపోయింది. నీడ అవ్వలేదు. ఎముక దాటి మెడ వైపు ఎక్కింది. జబ్బు ఊపిరితిత్తి బయటికి ఇలా తోకలా సాగదు."

పద్మకుమారి ఆ తోకని చూసింది. ముఖం కిటికీకి ఇంకా దగ్గరగా పెట్టింది. మసకలో అడ్డంగా, ఏటవాలుగా సన్నటి గీతలు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, మళ్ళీ కుడికి. ఆ అమ్మాయి చెయ్యి దానంతటదే తన మెడ వెనక్కి వెళ్ళింది.

"డాక్టరమ్మా," అంది. "ఇది నా జడ."

ప్రసూనాంబ ఫిల్మ్ ఇంకా పైకెత్తింది.

"రోజూ పొద్దున అల్లుకుంటాను గదా, ఈ పాయల తీరు నాకు తెల్దా? నిన్న ఎక్సరే గదిలో ఎనక నుంచి ఎక్సరే తీసే అయ్యగారు కేకేశారు, జడ వీపు మీద ఉండకూడదని. దేముడమ్మ అని ఆయా ఉంది, ఆవిడ దాన్ని తీసి ముందుకేసింది. పొడుగ్గా ఉందని రెండుగా మడిచి, ఆళ్ళిచ్చిన గౌను తాడు కింద భుజం దగ్గర దోపేసింది. గౌను పల్చగా ఉంది. నాకూ సిగ్గేసింది. జడ ముందుంటే మేలే అనుకుని ఊరుకున్నాను. తర్వాత ఛాతీ పలక కేసి అదిమి నిలబడమన్నారు."

"పలకకీ ఛాతీకీ మధ్యన జడ," అంది ప్రసూనాంబ మెల్లగా. "అందుకే ఇంత తెల్లగా పడింది."

జగన్నాధం కూతురి జడ వైపు చూశాడు. నూనె రాసి అల్లిన, మణికట్టంత లావు జడ.

"మరి సంతకం పెట్టెయ్యండమ్మా."

"పెట్టను," అంది ప్రసూనాంబ. "మీ అమ్మాయి చెప్పింది నిజమే అనుకుంటున్నాను. అనుకోవడం మీద సంతకం పెట్టను. మళ్ళీ ఫిల్మ్ తీయించుకు రండి. నీడ పోతే జడ. పోకపోతే మూడు పూటల కఫం పరీక్ష చేయించి అప్పుడు మాట్లాడదాం. శనివారం దాటిపోయినా సరే."

జగన్నాధానికి కోపం వచ్చింది. పద్మకుమారికి రాలేదు. కాగితం మడిచి కవరులో పెడుతూ, "ఆవిడన్నదే సరి నాన్నా," అంది. "నేను నర్సునైనా అలాగే అంటాను."

* * *

ఎక్సరే క్లినిక్కు అరసవల్లి దారిలో ఉంది. రేడియాలజిస్టు భావనారాయణ చీకటి గదికి అలవాటుపడిన కళ్ళు చిట్లించి ఫిల్మ్ చూశాడు, డాక్టరమ్మ చీటీ చదివాడు, తర్వాత పద్మకుమారిని చూశాడు. తను రిపోర్టు రాసిన మనిషిని చూడడం ఆయనకి అలవాటు లేదు.

"జడ అని నువ్వే చెప్పావా?"

"అవునండి. కానీ మీరు ముందే రాశారు. బయటి వస్తువు కావచ్చని."

"అదేమిటో నాకు తెలీలేదు. ఏదో ఉందని తెలుసు. అంతవరకే రాశాను," అన్నాడాయన. ఆ మాటలో కాస్త గర్వం ఉంది, దాచుకోలేదు. తర్వాత గొంతు పెంచాడు. "దేముడమ్మా!"

ఆయా వచ్చింది. సంగతి విన్నది. ముఖం చిన్నబోయింది.

"ముప్పై మందికి అలాగే ముందుకేశాను బాబూ. ఈ పిల్ల జడే లావు."

"ఇవాళ్టి నుంచి నెత్తి మీదికి చుట్టు. గుడ్డతో కట్టు. పిన్నులు పెట్టకు."

దేముడమ్మ పద్మకుమారిని కూర్చోబెట్టి జడని నడినెత్తి మీద కొప్పులా చుట్టి, గుడ్డపేలికతో రెండు ముళ్ళు వేసింది. "మారాణీ కిరీటంలాగున్నాదే," అంది చిన్నగా. పద్మకుమారి నవ్వలేదు. పలకకి ఛాతీ ఆనించి, చెప్పినట్టు గాలి పీల్చి, బిగబట్టింది. ఆ నాలుగు సెకన్లు జగన్నాధం కూడా బయట బెంచీ మీద ఊపిరి బిగబట్టాడు.

గంట గడిచాక తడి ఆరీ ఆరని ఫిల్మ్ లైటు పెట్టె మీదికి వచ్చింది. భావనారాయణ ముందు కుడివైపు చూశాడు. తర్వాత ఎడమవైపు. గుండె చుట్టూ చూశాడు. పాత ఫిల్మ్ పక్కన పెట్టి మళ్ళీ కుడివైపుకి వచ్చాడు. ఎవరినీ తొందరపెట్టనివ్వలేదు. పాత ఫిల్మ్ మీద మబ్బున్న చోట కొత్తదాని మీద నల్లటి, ఖాళీ ఊపిరితిత్తి ఉంది.

టైపు మిషను ముందు తనే కూర్చున్నాడు. రెండు వరసలు కొట్టి కాగితం పద్మకుమారి చేతికిచ్చాడు, జగన్నాధం చేతికి కాదు.

ఆ అమ్మాయి తండ్రికి తెలుగులో చదివి వినిపించింది: "ఊపిరితిత్తుల్లో జబ్బు గుర్తులేవీ కనిపించలేదు. వెనకటి ఫిల్మ్‌లోని నీడ ఇందులో లేదు, అది పైన పడిన జుట్టు నీడ."

"కనిపించలేదేటి?" అన్నాడు జగన్నాధం. "లేదని రాయొచ్చు గదా బాబూ. ఇప్పుడు కూడా నసుగుతారేటి?"

భావనారాయణ జవాబు చెప్పబోయి ఆగాడు. ఆ పిల్ల అప్పటికే తండ్రి వైపు తిరిగింది.

"ఆయన సూసింది ఫిల్మ్ నాన్నా. కనిపించలేదంటే కనిపించలేదనే రాయాలి. జడ దగ్గర సూడు, కావచ్చు అనలేదు. పక్కపక్కన పెట్టి సూశారు గాబట్టి గట్టిగా రాశారు. ఎంత తెలిస్తే అంతే రాశారు. నిన్న కూడా అంతే రాశారు. అందుకే ఇయ్యాల మనకి పని జరిగింది."

భావనారాయణ ఫిల్మ్ కవరులో పెట్టి దాని మీద పేరు రాశాడు. పేరు రాశాక కాసేపు కలం అలాగే పట్టుకున్నాడు.

"ట్రైనింగు అయ్యాక ఎక్కడ పనిచేస్తావమ్మా?"

"ఇంకా తెల్దండి."

"తెలిశాక ఇక్కడికొచ్చి చెప్పు."

సాయంత్రం నాలుగింటికి ప్రసూనాంబ సంతకం పెట్టింది. ఆరోగ్య పత్రం శుక్రవారమే విశాఖ చేరింది.

గురువారం ఆఖరి బస్సు దిగి జగన్నాధం ఇంటికి వెళ్ళలేదు. గణపతిరావు షాపు దగ్గర ఆగాడు. షాపు ముందు పొద్దుటి నలుగురిలో ముగ్గురు ఉన్నారు. జగన్నాధం రెండు రిపోర్టులూ బల్ల మీద పరిచాడు.

"సదువు బావా."

గణపతిరావు వేలు అలవాటుగా ఇంప్రెషన్ కింద మొదటి వరుస మీదికి వెళ్ళింది. జగన్నాధం ఆ వేలు పట్టుకుని, ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాని మనిషి, కాగితం మీద చివరి వరుస దాకా జరిపాడు.

"ఆకరి దాకా," అన్నాడు. "మా అమ్మాయి అలాగే సదువుతాది."