చివరి అంశం ఏడింటికి

మా అక్క పిల్లలకు డాన్సు నేర్పుతుంది. హార్డ్‌వేరు దుకాణం పైన ఒక పొడవాటి గది, ఒక గోడంతా అద్దం. కింద మేకులు తూకం వేస్తుంటే పైన నలభై జతల చిన్న పాదాలు నేలను దబదబా బాదుతుంటాయి. ఆ గదికి పైన ఉన్న ఒంటిగదిలో నేనుంటాను. మందుల డబ్బాల్లో మడతపెట్టి పెట్టే సన్నకాగితాలుంటాయి కదా, అవి రాయడం నా ఉద్యోగం. నా రాతలు లక్షల ప్రతులు అచ్చవుతాయి. చదివినవాళ్లను మాత్రం ఇంతవరకు చూడలేదు.

రాయడం వచ్చినవాడు ఇంట్లోనే ఉన్నాడు గనక, డాన్సు బడి వార్షిక ప్రదర్శన గురించి ఫేస్‌బుక్కులో పెట్టే పోస్టు ప్రతి ఏడూ నా నెత్తినే పడుతుంది. ఈసారి నేనిచ్చిన మొదటి చిత్తులో, మూడేళ్లలోపు పిల్లలను ఒడిలో మాత్రమే కూర్చోబెట్టుకోవలెననీ, చీకటికీ పెద్ద శబ్దాలకూ బెదిరే పిల్లల విషయంలో తగిన జాగ్రత్త అవసరమనీ రాశాను. అక్క రెండుసార్లు చదివింది.

"బాగుందిరా మునీ. ఇది చదివితే డాన్సుకి కాదు, డాక్టరు దగ్గరికి పోవాలనిపిస్తుంది."

ముని అన్నది నాకు తను పెట్టిన పేరు. మనుషుల్లోకి రానని దెప్పడం అన్నమాట. నేను మనుషుల గురించి చాలా చదువుతాను. అందుకే వాళ్లలోకి వెళ్లే తీరిక ఉండదని ఒకసారి చెప్పి చూశాను. అప్పటినుంచి ఆ పేరు ఇంకా గట్టిపడింది.

రెండో చిత్తుకు ఒప్పుకుంది. అది ఇలా ఉంది:

"మా చిన్నారుల వార్షిక నృత్య ప్రదర్శన ఈ నెల ఇరవై మూడు, ఆదివారం, టౌన్‌హాలు ఆడిటోరియంలో. తలుపులు తెరిచేది నాలుగూ ముప్పావుకి. ప్రదర్శన సరిగ్గా అయిదింటికి, ముగిసేది ఏడుంపావుకి. పాల్గొనే పిల్లలు మూడున్నరకల్లా వెనక గేటు దగ్గరికి రావాలి. ఇంటి నుంచే జడ వేసుకుని, ఏదైనా తిని రావాలి. దుస్తులు అక్కడే తొడుగుతాం. టికెట్టు పెద్దలకు వంద, పన్నెండేళ్లలోపు వారికి యాభై. మూడేళ్లలోపు వాళ్లు ఒడిలో కూర్చుంటే టికెట్టు అక్కర్లేదు. సీట్లకు నంబర్లుంటాయి. టికెట్లు బడిలో శని, ఆదివారాలు నాలుగు నుంచి ఆరు దాకా. ఉన్నవి రెండు వందల నలభై సీట్లే. ఫోటోలు తీసుకోండి, ఫ్లాషు మాత్రం వద్దు. వేదిక మీద పిల్లలకు కళ్లు బైర్లు కమ్ముతాయి."

"ఇంతే చాలు. ఏ అంశం ఎన్నింటికో మాత్రం చచ్చినా రాయకు," అంది అక్క.

కారణం నాకు తెలుసు. ఈ ప్రదర్శనల్లో చిన్నపిల్లలు ముందు, పెద్దపిల్లలు వెనక ఉంటారు. అలా కాక మరోలా కుదరదు. తేనెటీగల వేషం కట్టే నాలుగేళ్లవాళ్లు పద్దెనిమిది మందిని ఏడింటి దాకా గ్రీన్‌రూములో ఆపాలంటే సైన్యం కావాలి. అక్క దగ్గరున్నది ముగ్గురు తల్లులు, ఒక సేఫ్టీపిన్నుల డబ్బా. ఒక ఏడు అందరినీ చివర్లో మళ్లీ వేదిక ఎక్కిద్దామని చూసింది. సగం తేనెటీగలు నిద్రపోయాయి, మిగతా సగం ఏడ్చాయి. అప్పటినుంచి ఎవరి అంశం అయ్యాక వాళ్లను వెనక గేటు దగ్గర అప్పజెప్పేస్తోంది. దాంతో తల్లిదండ్రులు తమ పిల్లను చూసుకోవడం, పిల్లను తీసుకోవడం, ఇంటికి నడవడం. హాలు అరగంటకోసారి పలచబడుతుంది.

పోయిన ఏడు చివరి అంశం అక్క కూతురిది, నా మేనకోడలిది. పదిహేనేళ్లది, తొమ్మిది నిమిషాల ఒంటరి నృత్యం. ఆఖరికి హాల్లో మిగిలింది పదిహేడు మంది. అందులో ఇద్దరు ఊడ్చేవాళ్లు. ఈ ఏడు ఆ పిల్ల తల్లితో తెగేసి చెప్పింది. ఈసారి కూడా ఖాళీ కుర్చీలే అయితే ఇదే తన ఆఖరి డాన్సు అని. పిల్లలు ఇలాంటివి చాలా అంటారు. కాని ఇది కోపంగా అనలేదు, పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ మామూలుగా అంది. అక్కను భయపెట్టింది అదే.

పోస్టు పెట్టిన గంటలోనే కింద ప్రశ్నలు మొదలయ్యాయి. అన్నీ ఒకే ప్రశ్న. మా పాప ఎన్నింటికి? మా చేప ఎన్నింటికి? వాన డాన్సు ఇంటర్వెలుకి ముందా, తర్వాతా? అందరికీ ఒకే జవాబు ఇచ్చాను, అయిదుకీ ఏడుంపావుకీ మధ్య అని. ఒకాయన, సగం ప్రదర్శనకి సగం టికెట్టు ఉందా అని అడిగాడు. నాకు కోపం రాలేదు. ప్రేమ అనేది చేతిలో టార్చిలైటు లాంటిది. ఎక్కడ తిప్పితే అక్కడే వెలుతురు, చుట్టూ ఉన్నది మరింత చీకటి. ఆ వాక్యం పోస్టులో పెడదామా అని అక్కను అడిగాను. ఫోను లాక్కుంది.

మూడోనాడు ఒక తేనెటీగ నాయనమ్మ ఫోను చేసింది. తనకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయట, గంటకు మించి కూర్చోలేదట. మనవరాలిని చూడాలని ఉంది, ఎప్పుడొచ్చి ఎప్పుడు పోవచ్చో ఒక్క ముక్క చెబితే చాలంది. మోకాళ్ల నొప్పుల మందు కాగితాలు నాలుగు రకాలు రాసినవాణ్ణి నేను. మనసు కరిగిపోయింది. ఒక్క ముక్క అడిగితే అంశాల పట్టిక మొత్తం పంపాను. తేనెటీగలు అయిదూ అయిదుకి, చేపలు అయిదూ ఇరవైకి, అక్కణ్ణుంచి వరసగా చివరి అంశం ఏడింటికి అన్నదాకా.

సాయంత్రానికి ఆ పట్టిక తల్లిదండ్రుల గ్రూపులో ఉంది. ఆవిడ తప్పేం లేదు. నలుగురికీ పనికొస్తుందని పెట్టిందట, పైగా నాకు ధన్యవాదాలు కూడా చెప్పింది. కింద అందరూ దండాలు పెట్టారు. చేపల తల్లి ఒకావిడ, అయిదూ ఇరవై ఆరుకి బయటపడొచ్చని లెక్క కట్టి మరీ చూపించింది.

అక్క నన్ను తిట్టలేదు. అద్దం ముందు నిలబడి, అద్దంలో ఉన్న నాతో మాట్లాడింది. "మనుషుల మనసు మీద అన్ని పుస్తకాలు చదివావు. ఒక్క ముసలావిడ దగ్గర బోర్లా పడ్డావు."

ఆ రోజే మేనకోడలు నా గదికి వచ్చింది. మంచం అంచున కూర్చుని, నా కాగితాల్లో ఒకటి తీసి, దుష్ఫలితాలన్నీ పైకి చదివింది. తలతిరుగుడు, నోరు ఎండిపోవడం, అకారణ దిగులు. మందు వేసుకోకుండానే అవన్నీ తనకు ఉన్నాయంది. ఎవరో ఒకరు చివరిదాకా కూర్చుంటారులే అని ఓదార్చబోయాను. ఈ తల్లిదండ్రులకు తమ బిడ్డ తప్ప మరొకరు కనపడరనీ, అది ఒకరకం అంధత్వమనీ మొదలుపెట్టాను.

"నువ్వూ వెళ్లావు కదా మామయ్యా," అంది.

నేను ఆ పిల్ల చేతిలోని కాగితం తీసుకుని మడతపెట్టసాగాను.

"వేదిక మీంచి అన్నీ కనిపిస్తాయి. నేను మొదలుపెట్టిన రెండో నిమిషంలో లేచావు. అయిదో వరస, చివరి సీటు."

వెళ్లాను. జనమంతా ఒక్కసారి బయటికి వస్తే స్కూటరు ఇరుక్కుపోతుందని ముందే తీసి పెట్టుకుందామని వెళ్లాను. రెండు నిమిషాల్లో తిరిగి వద్దామనుకున్నాను. స్కూటరు బయటికి తీశాక, డాన్సు మధ్యలో తలుపు తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లడానికి మొహమాటపడ్డాను. ఇదంతా ఆ పిల్లకు చెప్పాను. చెబుతుంటే ఒక వింత సంగతి తోచింది. ఏడాదిగా నాకు నేను ఈ కథ చెప్పుకోలేదు. వెళ్లిపోయినవాళ్లను తలుచుకున్నప్పుడల్లా వాళ్లను నేను హాల్లో కూర్చుని చూస్తున్నట్టే గుర్తు.

"నాకేం కోపం లేదు," అంది. "చీకట్లో ఎవరికీ తెలియదనుకుని లేస్తారు చూడు, అది నచ్చదు. మడత సీట్లు టపటపా లేస్తుంటే తాళం వినపడదు. ఇది రాసి పెట్టు." పోస్టుకు కలపాల్సింది తనే చెప్పింది. నేను వ్యాకరణం కూడా ముట్టుకోలేదు.

"చివరి అంశం ఏడింటికి. ఒక్కరే చేస్తారు, తొమ్మిది నిమిషాలు. దానికి ముందు హాల్లో రెండు నిమిషాలు లైట్లు వేస్తాం. వెళ్లాల్సినవాళ్లు అప్పుడు వెళ్లండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఉండేవాళ్లు ముందు వరసల్లోకి వచ్చి కూర్చోండి. సీటు నంబర్లు చూడక్కర్లేదు."

అక్క లబోదిబోమంది. ఎక్కడైనా టికెట్టు కొన్నవాళ్లను మనమే గుమ్మందాకా సాగనంపుతామా అని నా మీద పడింది. కూతురు మాత్రం లైట్లబ్బాయికి నిమిషాలు రాసిచ్చి, చీటీ మీద సంతకం పెట్టించుకుంది.

ఇరవై మూడో తేదీ రెండు వందల ఇరవై రెండు టికెట్లు తెగాయి. అయిదింటికి తెర లేచింది. తేనెటీగల్లో ఒకటి వేదిక అంచుకొచ్చి వాళ్ల నాన్నను వెతుక్కుంటూ నిలబడిపోయింది. మిగతా పదిహేడూ దాని చుట్టూ తిరిగి పని కానిచ్చాయి. చేపలు, గొడుగులు, వాన అయ్యాయి. ఒక్కొక్క అంశం అయ్యాక కొందరు వంగి వంగి బయటికి జారుకున్నారు. ఆరూ యాభై ఎనిమిదికి హాల్లో నూట ఇరవై మంది దాకా ఉన్నారు. అప్పుడు లైట్లు వెలిగాయి.

లైట్లు వెలుగుతాయని అందరికీ తెలుసు. తెర కూడా తెరిచే ఉంటుందని మాత్రం తెలియదు. పోస్టులో ఆ పిల్ల అది రాయించలేదు. వేదిక మధ్యలో చేతులు కట్టుకుని నిలబడి, బస్సు కోసం చూస్తున్నంత తీరిగ్గా హాలును చూస్తోంది.

భుజం మీద నిద్రపోతున్న పాపతో ఒకాయన లేచాడు. వేదిక మీంచి మేనకోడలు చెయ్యి ఊపింది. ఆయనా ఊపి వెళ్లాడు. ఇంకో కుటుంబం లేచింది, వాళ్లకూ ఊపింది. ఎవరినీ తప్పు పట్టే మొహం కాదు, నిజంగానే వెళ్లిరండి అన్నట్టు ఊపుతోంది. నాలుగో వరసలో ఒక చేప తండ్రి సగం లేచాడు. వేదిక చూశాడు, గుమ్మం చూశాడు. నడుము పట్టేసినట్టు ఒళ్లు విరుచుకుని, చొక్కా సర్దుకుని, మళ్లీ కూర్చున్నాడు. ఆ మనిషి లోపల ఆ మూడు క్షణాల్లో ఏం జరిగిందో నాకంటే బాగా చెప్పగలవాడు ఆ హాల్లో లేడు.

నలభై మంది దాకా వెళ్లారు. మిగిలినవాళ్లు లేచి ముందుకొచ్చారు. చంటిపిల్లల్నీ సంచుల్నీ ఎత్తుకుని, పెళ్లిలో భోజనాల బంతికి వచ్చినట్టు నవ్వుకుంటూ, జరగండి జరగండి అనుకుంటూ మొదటి అయిదు వరసలు నింపేశారు. నేను మూడో వరసలో, ఇద్దరు ఎరగని మనుషుల మధ్య ఇరుక్కున్నాను. ఒకరి మోచెయ్యి నా డొక్కలో ఉంది. లైట్లు ఆరిపోయాయి.

మొదటి నిమిషం నేను డాన్సు చూడలేదు, చూసేవాళ్లను చూశాను. ఎవరైనా లేస్తారేమో, సీటు ఏదైనా చప్పుడు చేస్తుందేమోనని. తర్వాత ఎప్పుడో ఆ కాపలా మానేశాను. ఆ పిల్ల ఒంటికాలి మీద నిలిచి, పడిపోతుందేమోనన్నంతసేపు నిలిచి, తాళం వచ్చాక గాని రెండో కాలు దించలేదు. పక్కనున్న మోచెయ్యి కూడా ఊపిరి బిగబట్టింది.

అయిపోయాక గ్రీన్‌రూములో అక్క ఆ పిల్లకు మంచినీళ్లు ఇచ్చి, మనిషి మొహంలోకి చూడకుండా, సేఫ్టీపిన్నులు ఏరుతూ కూర్చుంది. అడగాల్సింది అడగలేక ఏరుతున్నట్టుంది. ఆ పిల్ల గ్లాసు మొత్తం తాగి పక్కన పెట్టింది.

"అమ్మా, ఆ ఒంటికాలి చోట ఇంకో రెండు తాళాల దాకా ఆగొచ్చు. వచ్చే ఏటికి నాది పన్నెండు నిమిషాలు చెయ్యి."

"ముందు నీ పరీక్షలు చూసుకో," అంది అక్క. చేతిలో ఏరిన పిన్నులన్నీ మళ్లీ కింద పోసేసింది.