సున్నా చూపించని పట్టిక

ఆ ఇంట్లో రాత్రి తొమ్మిదికి మూడు ఫోన్లు ఒకేసారి మోగేవి. "ఈరోజు ఖర్చులు?" అన్న సందేశం వచ్చేది. ఎవరు దేనికి ఎంత పెట్టారో ఒక్కొక్కటి ఒక్కో వరుసలో రాయాలి. "కూరగాయలు 85", "పెట్రోలు 200" అన్నట్టు. అందరూ రాశాక జవాబుగా ఒక్క ముక్క వచ్చేది: "ఈరోజు 285. ఈ నెల 7,430. హద్దుకు ఇంకా 4,570." అంతకుమించి ఒక్క అక్షరం మాట్లాడేది కాదు. ఇంట్లో అంత పొదుపుగా మాట్లాడే ప్రాణి అదొక్కటే.

ఫోన్లలో లెక్కలడిగే ఆ ప్రోగ్రామును తయారుచేసింది కూతురు. కాలేజీలో చేరిన మొదటి ఏడే నేర్చుకున్న విద్యను ఇంటిమీద ప్రయోగించింది. ఏ మాట ఏ పద్దులోకి పోవాలో జాబితా రాసిపెట్టింది. ఆటో, బస్సు, పెట్రోలు ప్రయాణంలోకి, డాక్టరు, మాత్రలు మందుల్లోకి. నెలాఖరు రాత్రి పద్దులవారీగా లెక్క వచ్చేది.

అడిగి చేయించుకుంది మాత్రం వాళ్ళమ్మ. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని చుట్టుపక్కలవాళ్ళ బట్టలు బిగించి, వదులుచేసి, అంచులు మార్చి ఇచ్చే దర్జీ ఆమె. వీధి మలుపులో చిన్న షాపు ఒకటి ఖాళీ అయింది. అడ్వాన్సు కడితే తాళం ఇస్తారు. ఇంటద్దె కాక నెలకు పన్నెండు వేలు దాటకపోతే ఏడాదిలో ఆ అడ్వాన్సు పోగవుతుందని ఆమె లెక్క. ఆ పన్నెండు వేలే హద్దు.

ఇక ఆమె స్వభావం. అనుమానం పెనుభూతమంటారు, ఆమెకు మాత్రం అది ఇంటి పెంపుడు జంతువు. కూరలవాడి తక్కెడను అనుమానించేది, కొలతలు ఇచ్చేటప్పుడు కడుపు లోపలికి లాక్కునే ఆడవాళ్ళను అనుమానించేది, ఆఖరికి తన టేపునే మరో టేపుతో కొలిచి చూసుకునేది. మొగుడిని మాత్రం ఇరవయ్యేళ్ళలో ఎన్నడూ అనుమానించలేదు. అందుకు అవకాశం ఇచ్చే రకం కాదు ఆయన. లిఫ్టు మెకానిక్కు. పొద్దున్నే పనిముట్ల సంచీ, భోజనం డబ్బా బండికి తగిలించుకుని వెళ్ళి, పొద్దుగూకేసరికి గ్రీజు వాసనతో తిరిగొచ్చే మనిషి.

ఆ నెలాఖరు రాత్రి లెక్క వచ్చింది. కిరాణా 5,150, కూరగాయలు 2,060, కరెంటు-ఫోను 1,640, చదువు 1,200, ప్రయాణం 1,840. మొత్తం 11,890. హద్దుకు 110 లోపల.

"చూశావా!" అన్నాడు ఆయన చిన్నపిల్లాడిలా. "పోయిన నెల హద్దును తొమ్మిదొందల పది దాటింది. ఈసారి లోపలే ఉన్నాం."

ఆమె కూడా సంతోషించబోయింది. కానీ కన్ను ప్రయాణం దగ్గర ఆగిపోయింది. పోయిన నెల 1,220. ఒక్క నెలలో ఆరువందల ఇరవై ఎందుకు పెరిగింది? ఆయన నిద్రపోయాక ఫోను తెరిచి రోజుల్లోకి వెళ్ళింది. ఆటో 70. మళ్ళీ ఆటో 70. వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండు సార్లు.

బండి ఉన్న మనిషికి ఆటో ఎందుకు? తెలియక కాదు, ఆయన అప్పుడప్పుడు బండి లేకుండానే వచ్చాడు. "బండి మొరాయించింది, షెడ్డులో పెట్టా" అన్నాడు. అప్పుడు సరే అనుకుంది. ఇప్పుడు పదకొండు ఒక్కచోట చేరేసరికి ఆ సరే నిలవలేదు.

"బుజ్జీ, ఇందులో రిపేరు అన్న పద్దు కనపడదేం?" అని కూతుర్ని లేపి మరీ అడిగింది.

"రిపేర్లకి పద్దుందమ్మా. ఈ నెల ఎవరూ ఏమీ రాయలేదు కాబట్టి రాలేదు. ఏమీ లేని పద్దును చూపించదు. సున్నాలన్నీ ఎందుకులే అని నేనే తీసేశా."

"అంటే పదకొండుసార్లు షెడ్డుకెళ్ళిన బండికి చిల్లిగవ్వ కూడా ఖర్చు కాలేదన్నమాట."

"అబ్బా, పడుకో అమ్మా."

ఆమె పడుకుంది, నిద్రపోలేదు. ఆటో ఎక్కడినుంచి ఎక్కడికి? ఎవరింటికి? డెబ్బై పెడితే ఎంతదూరం పోవచ్చు? పోయినవారం ఆయన కొత్తచొక్కా వేసుకోవడం గుర్తొచ్చింది. అది తానే కుట్టిందన్న సంగతి కాసేపటిగ్గాని గుర్తురాలేదు. తెల్లారేసరికి మనసులో ఒక ఆడమనిషి తయారైపోయింది. ఆమెకు ఇల్లుంది, వాకిలుంది, ఆ వాకిట్లో ఆటో ఆగుతోంది కూడా.

పొద్దున ఆయన బయల్దేరుతుంటే మామూలుగా అడిగినట్టు అడిగింది. "బండికి ఇంతకీ ఏమైందంటారు?"

"ఆ, ఏదో ప్లగ్గు" అని సంచీ సర్దుకున్నాడు ఆయన. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మాట అంటూనే డబ్బా మూత రెండుసార్లు తీసి మూశాడు. ఆమె అది చూసింది.

ఆయన మలుపు తిరగ్గానే ఆమె మిషను మీద గుడ్డ కప్పి షెడ్డుకు వెళ్ళింది.

"మీ బండా?" షెడ్డు మెకానిక్కు తల గోక్కున్నాడు. "మూడు నెలలైందమ్మా నా కంటపడి. గుర్రంలా ఉంటుంది ఆ బండి. దానికేం రోగం?"

ఆమె అక్కణ్ణించి నేరుగా ఆయన పనిచేసే చోటికి బస్సెక్కింది. పదహారు అంతస్తుల కట్టడం. కొత్త లిఫ్టులు బిగిస్తున్నారు. దొరికితే నలుగురిలో కడిగిపారేయాలని దారిపొడుగునా మాటలు కూడదీసుకుంది. గేటు దగ్గర బండి కనిపించింది, నీడలో శుభ్రంగా నిలబెట్టి ఉంది.

వాచ్‌మన్ వయసుమళ్ళినవాడు, కుర్చీలోంచి లేచాడు. ఆమె ఎవరో చెప్పి, గొంతు తగ్గించి అడిగింది. "సాయంత్రాలు మా ఆయన ఆటోలో పోతుంటారట. ఎక్కడికి?"

"ఎక్కడికేంటమ్మా, ఇంటికే కదా?" అతను వింతగా చూశాడు. "ఆటో పిలిచేది నేనేగా. అడ్రసు చెప్పేది కూడా నేనే. కిందికి దిగొచ్చాక అదిగో, ఆ గోడ పట్టుకుని కూర్చుండిపోతారు. కళ్ళు తిరుగుతున్నాయంటారు. 'ఇలా బండి నడిపితే ఎవరిమీదికో ఎక్కిస్తాను, ఇక్కడే ఉండనీ' అని తాళం నాకిచ్చేస్తారు. పొద్దున్నేమో కంపెనీ వ్యానులో వస్తారు. మీకు చెప్పలేదా?"

ఆమె కూడదీసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. మనసులో కట్టిన ఇల్లు, వాకిలి, ఆడమనిషి ఒక్కసారిగా కూలిపోయాయి. కాని ప్రాణం కుదుటపడలేదు సరికదా, ఇంకో భయం పట్టుకుంది.

కళ్ళు తిరగడమేంటి? రక్తపోటుకు మాత్రలు వేసుకుంటున్నాడుగా. మూడు నెలల క్రితమే డాక్టరు రెండో మాత్ర కూడా కలిపాడు. రెండూ మధ్యాహ్నం భోజనమయ్యాక పనిచోటే వేసుకుంటానన్నాడు.

గేటు పక్కనే నిలబడి ఫోను తీసింది. ఈ నెల లెక్క, పోయిన నెల లెక్క, ఒకదాని కింద ఒకటి పెట్టుకుంది. పోయిన నెల ఆరు పద్దులు. ఈ నెల అయిదు. రాత్రంతా పెరిగినదాన్నే చూస్తూ కూర్చుంది గాని మాయమైనదాన్ని చూడలేదు. పోయిన నెల ఆఖరి పద్దు మందులు, 1,340. ఈ నెల ఆ పద్దే లేదు.

ఏమీ లేని పద్దును చూపించదు అని కూతురు చెప్పనే చెప్పింది.

అప్పుడు గుర్తొచ్చింది ఇంకో మాట. అది ఎవరో చెప్పింది కాదు, తనదే. పోయిన నెల ఖర్చు హద్దును తొమ్మిదొందల పది దాటిన రాత్రి, అందరి ముందూ ఫోను బల్లమీద కొట్టి, "మీ మాత్రలే నా షాపు మింగేస్తున్నాయి" అంది. నవ్వుతూనే అంది. ఆయన కూడా నవ్వాడు.

"ఇప్పుడెక్కడున్నారు?" అంది వాచ్‌మన్‌తో.

"పైనేనమ్మా. పదహారో అంతస్తు. లిఫ్టు పెట్టె పైకెక్కి తాళ్ళు చూస్తున్నారు."

"ఆయన్ని దింపండి" అంది. "ఫోను చేసి ఇప్పుడే దింపండి. ఇంట్లో ప్రాణం మీదికొచ్చిందని చెప్పండి. అబద్ధమేం కాదు."

ఆయన దిగొచ్చేవరకు పావుగంట పట్టింది. ఆ పావుగంటలో ఆమె మొక్కని దేవుడు లేడు. మెట్ల దగ్గర హెల్మెట్టుతో, కంగారు మొహంతో కనపడేసరికి తిట్టాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

"ఎన్నాళ్ళైంది మాత్రలు మానేసి?"

ఆయన హెల్మెట్టు తీసి దాని లోపలికి చూశాడు. "సరిగ్గా నెల."

"నాకు అబద్ధం చెప్పారు."

"దాంట్లో రాయలేదుగా అబద్ధం" అన్నాడు మెల్లిగా. "ఆటో ఎక్కితే ఆటో అనే రాశా. కొనని మాత్రలు కొన్నట్టు రాయలేదు. మాత్రలకన్నా ఆటోనే చవక, లెక్కేసి చూసుకో. ఇంకో పదినెలలేగా, షాపు తాళం వచ్చాక మళ్ళీ మొదలెడదామనుకున్నా."

"పదినెలలా! పదహారు అంతస్తుల పైనుంచి పడడానికి పదినెలలు పడుతుందా?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. నలుగురూ చూస్తున్నారు. చూడనీ అనుకుంది. "ఆ రోజు నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది" అంది. "మనసులో పెట్టుకోకండి అనను. పెట్టుకునే ఇంతపని చేశారు."

అటునుంచటే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు రక్తపోటు చూసే పట్టీ చుట్టి, అంకె చూసి, ముందు మొగుడిని, తరవాత పెళ్ళాన్ని తిట్టాడు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టమని, వారం తర్వాత రమ్మని, అప్పటిదాకా ఎత్తులెక్కొద్దని రాసిచ్చాడు. పెళ్ళాం ఆ తిట్లన్నీ నోరెత్తకుండా పడింది. కూతురు వింటే నమ్మేది కాదు.

రాత్రి తొమ్మిదికి మూడు ఫోన్లూ మోగాయి. ఆమే రాసింది. డాక్టరు 300. మాత్రలు 1,340. జవాబు వచ్చింది: "ఈరోజు 1,640. ఈ నెల 1,640. హద్దుకు ఇంకా 10,360."

"మొదటి రోజే..." అని ఆయన నసిగాడు.

ఆమె ఆ చివరి ముక్కమీద బొటనవేలు పెట్టి మూసేసింది. "బుజ్జీ, సున్నాలు కూడా చూపించేలా మార్చు దీన్ని. ఏ పద్దూ దాచడానికి వీల్లేదు."

"మార్చేశానమ్మా సాయంత్రమే."

"మరి షాపో?" అన్నాడు ఆయన.

"షాపు ఎక్కడికీ పోదు. ఇంకోడు తీసుకుంటే తీసుకోనీ." మాత్ర రేకు చించి ఆయన అరచేతిలో పెట్టింది. గ్లాసు అందించి ఎదురుగా నిలబడింది. ఆయన మింగాడు. నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

ఆమె కదల్లేదు. తక్కెడ ముల్లును చూసే చూపుతో ఆయన్ని చూసింది.

"ఏదీ," అంది, "నోరు తెరవండి."