డెమో క్లాసుకు పాత పేపర్లు

అనుమానం ప్రణీతకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. శామీర్‌పేట దగ్గర ఒక స్కూల్లో లెక్కల టీచర్ ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పమని పిలుపొస్తే, సంతోషించడం మానేసి ఆరా తీయడం మొదలుపెట్టింది. ఆరో తరగతి, భిన్నాలు, ఇరవై నిమిషాలు. బోర్డూ చాక్‌పీసూ తప్ప ఏమీ ఇవ్వరట. పిల్లలెంతమంది, పాఠం ఎక్కడిదాకా అయిందని ఫోన్ చేస్తే ఆఫీసాయన, "అచ్చినంక సూద్దురు గద మేడం" అని పెట్టేశాడు.

ఈ ఉద్యోగం ముందే ఎవరికో ఇచ్చేసి ఉంటారు!

ఇంట్లోనూ ఒక అనుమానం ఉంది. ఆ స్కూలుకు జాగా ఇప్పించింది ఆమె బాపు అంజయ్యే. ఉద్యోగం రాకపోతే సోమవారం నుంచి తన ప్లాట్ల ఆఫీసులో కూర్చోవాలని ఆయన పట్టు. ఆ కుర్చీ తలుచుకుంటేనే ప్రణీతకు ఊపిరాడదు.

"బాపూ, స్కూలోళ్లకు నా గురించి సిఫారస్ జేసినవా?"

"నాకేం పని బిడ్డా?" అన్నాడు అంజయ్య, టీవీ మీంచి చూపు తిప్పకుండా. చేసే ఉంటాడు. ఆ మాట బయటపడితే తలెక్కడ పెట్టుకోవాలి?

పిల్లలెందరున్నా సరిపోయేలా పాత పేపర్లను ఒకే పొడవు పట్టీలుగా కత్తిరించుకుంది. ముందు ఒక ప్రశ్న. వాళ్లకు వస్తే కూడికలదాకా వెళ్లాలి, రాకపోతే సమభాగాల దగ్గరే ఆగాలి. చివర్లో అందరూ ఒక లెక్క చేసివ్వాలి.

క్లాసులో ప్రిన్సిపాల్ బాలాత్రిపురసుందరి వెనక బెంచీలో కూర్చుంది. "వన్ బై త్రీ పెద్దదా, వన్ బై ఫోర్ పెద్దదా?" అని ప్రణీత అడగ్గానే, "వన్ బై త్రీ!" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

ఇంకొకరైతే మురిసిపోయి కూడికల్లోకి దూకేవాళ్లు. ప్రణీతకు ఆ ఒక్క గొంతే నచ్చలేదు. ఇద్దరిద్దరికి రెండేసి పట్టీలు పంచి, ఒకటి మూడు ముక్కలు, ఒకటి నాలుగు ముక్కలు చేసి చూపించమంది.

"టీచర్, నా వన్ బై ఫోరే పెద్దగున్నది!" అందొక పిల్ల. నిజమే! నాలుగు ముక్కలూ నాలుగు సైజుల్లో చింపింది. పక్కనున్న చాలామందిదీ అదే తంతు. ఇక కూడికలు గంగలో కలిశాయి. ముక్కలన్నీ సమానంగా ఎందుకుండాలో మడతపెట్టి, కొలిచి, మళ్లీ చింపి చూసేసరికే గంట కొట్టారు. చివరి లెక్క ఇవ్వనేలేదు. పోయింది ఉద్యోగం, అనుకుంది.

"పాఠం పూర్తి చేయలేదు మీరు," అంది ప్రిన్సిపాల్ తన గదిలో. "పొద్దున్నుంచి వచ్చినవాళ్లంతా పూర్తి చేశారు. పిల్లలకు రాలేదన్న సంగతి ఒక్కరూ పట్టుకోలేదు. సోమవారం చేరండమ్మా. అన్నట్టు, మీ నాన్నగారు ఫోన్ చేశారు."

ప్రణీత మొహం మాడిపోయింది. "నేను చెయ్యమనలేదు మేడం!"

"మా పిల్లకు ఉద్యోగం ఇయ్యకుండ్రి అన్నారు."

ఇన్ని అనుమానాలు పడ్డది గానీ, ఈ ఒక్కటి మాత్రం తట్టలేదు.

గేటు బయట కారులో అంజయ్య ఆత్రంగా తల బయటపెట్టాడు. "ఏమైంది బిడ్డా?"

"సోమవారం రమ్మన్నరు," అంది ప్రణీత, కారెక్కకుండానే. "నీ కుర్చీల కూసునేటందుకు ఇంకెవర్నన్న సూస్కో బాపూ. నేను బస్సుకొస్త."