మూడో కాపీ

రేపు పొద్దున్నే సేల్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఇప్పటికే రెండు ఇంటర్వ్యూల్లో 'ఈ పెన్ను నాకు అమ్ము' అన్న పరీక్షలో తప్పి ఇంటిముఖం పట్టిన మేనకోడలిని, ఇరవై ఏళ్లుగా ఇన్సూరెన్స్ అమ్ముతున్న మేనత్త ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నేనే ఆఫీసరుననుకో. నీ పెన్ను నాకు అమ్ము."

"మీరు పెన్ను దేనికి వాడతారు మేడమ్?"

"సంతకాలకే."

"రోజుకు ఎన్ని పేజీలు రాస్తారు మేడమ్?"

అత్త బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. "సంతకాలకే అని ఏడ్చాను కదటే! బట్టీ పట్టిన ప్రశ్నలు అప్పజెబుతున్నావు గానీ, నా జవాబు చెవికెక్కిందా? నీకంటే గోడకు చెప్పుకోవడం నయం!"

పిల్లకు ఒళ్లు మండింది. "సరే, సంతకాలే! మరి పొద్దున నీ ఇంకు పెన్నును కిటికీలోంచి ఎందుకు విసిరికొట్టావు?"

"కార్బన్ పెట్టిన ఫారం. మూడో కాపీ మీద నా సంతకం పడలేదని ఆఫీసువాళ్లు మళ్లీ తిప్పి పంపారు, తలమాసినవాళ్లు!"

"అలా చెప్పు! ఇది బాల్‌పెన్ను, ఎంత నొక్కినా మొన వంగదు. ఆ ఫారం తియ్యి, పెట్టి చూడు."

అత్త కసిగా నొక్కి సంతకం చేసి, అడుగు కాగితం లాగి చూసింది. అక్షరం అక్షరం పడింది.

"ఎన్ని కావాలి?" పిల్ల ఇంకా కోపంగానే అడిగింది.

"రెండు."

"దీని పట్టు కూడా చాలా మెత్తగా..."

"నోర్ముయ్! కొంటానన్నాక ఇంకా వాగితే మనసు మార్చుకుంటాను. బిల్లు రాయి!"